ఫారిన్‌లో కార్డు గీకితే మెషీన్ INR అని అడుగుతుంది, అప్పుడు ఏం నొక్కాలి

పోయిన చలికాలంలో మా అక్కా బావలతో కలిసి దుబాయ్ వెళ్ళాం. దేరాలో ఒక షాపులో మా మేనకోడలికి వాచీ నచ్చింది, బిల్లు సరిగ్గా 2,000 దిర్హామ్‌లు. బావ కార్డు ఇచ్చాడు, కౌంటర్లో అబ్బాయి మెషీన్‌లో పెట్టి స్క్రీన్ మా వైపు తిప్పాడు. పైన పెద్ద అక్షరాల్లో INR 48,300.00, దాని కింద చిన్నగా AED 2,000.00, ఇంకా కింద రేటు, అది చదవాలంటే కళ్ళద్దాలు కావాలి. బావ ఒక్క క్షణం చూసి "రూపాయలల్లనే కట్టేద్దాం తియ్యి, ఎంతయితదో ఇక్కడనే తెలిసిపోతది గదా, మల్ల బ్యాంకోడు ఆ ఛార్జి ఈ ఛార్జి అని వెయ్యడు" అన్నాడు, నేను అడ్డం పడేలోపే నొక్కేశాడు. స్లిప్ వచ్చింది, మేం బయటికి వచ్చేశాం.

హైదరాబాద్ వచ్చాక స్టేట్‌మెంట్ చూస్తే 48,300 ఉంది, దాని కింద ఇంకో లైన్‌లో 483 రూపాయలు, ఆ కింద 86.94 జీఎస్టీ. బావకి అస్సలు అర్థం కాలేదు, రూపాయల్లో కడితే మళ్ళీ ఫారిన్ ఛార్జి ఏంటి అని. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, షాపు ఇండియా బయట ఉంది కాబట్టి మా రూల్ ప్రకారం ఒక శాతం పడుతుంది సార్ అన్నారు. అక్కడే బావ నమ్మకం మొత్తం పోయింది. మనవాళ్ళలో చాలామంది ఇదే అనుకుంటారు, రూపాయల్లో కడితే ఫారెక్స్ ఛార్జి తప్పుతుందని. తప్పదు. చాలా బ్యాంకులు ఛార్జి వేసేటప్పుడు షాపు ఏ దేశంలో రిజిస్టర్ అయిందో కూడా చూస్తాయి, ఏ కరెన్సీలో కట్టారో మాత్రమే చూసి వదిలేయవు. అందుకే ఇది వివరంగా రాస్తున్నా, ట్రిప్‌కి వెళ్ళే ముందు ఒకసారి కుదురుగా చదవండి.

దీని పేరు డైనమిక్ కరెన్సీ కన్వర్షన్, అందరూ డీసీసీ అంటారు. కార్డు పెట్టగానే మెషీన్ దాని మొదటి ఆరు నుంచి ఎనిమిది అంకెలు చూసి ఇది ఇండియాలో ఇచ్చిన కార్డు, దీని కరెన్సీ రూపాయి అని పట్టేస్తుంది. అప్పుడు మీకు రూపాయల్లో కడతారా అని అడుగుతుంది. అవునంటే దిర్హామ్‌ని రూపాయలుగా మార్చే పని అక్కడికక్కడే అయిపోతుంది, కానీ ఆ రేటు పెట్టేది మీ బ్యాంకు కాదు, వీసా కాదు, మాస్టర్‌కార్డ్ కాదు, ఆ షాపుకి మెషీన్ ఇచ్చిన బ్యాంకు లేదా దానితో ఒప్పందం ఉన్న డీసీసీ కంపెనీ. వాళ్ళు అసలు రేటు మీద తమ మార్జిన్ కలుపుకుంటారు, మామూలుగా 3 నుంచి 8 శాతం మధ్యలో ఉంటుంది, టూరిస్టులు ఎక్కువ తిరిగే చోట ఇంకా ఎక్కువ కూడా చూస్తాం. ఆ మార్జిన్‌లో కొంత వాటా షాపుకి కూడా వెళ్ళే ఏర్పాటు ఉంటుంది, అందుకే కౌంటర్లో వాళ్ళు "ఇండియన్ రుపీస్ సార్?" అని ముందే అడిగేస్తారు. ఆ కౌంటర్ అబ్బాయి మీద కోపం పెట్టుకోకండి, వాళ్ళకి అలాగే నేర్పిస్తారు.

కాదు, దిర్హామ్‌లోనే అంటే ఏమవుతుంది? 2,000 దిర్హామ్‌లు అనే మాటే మీ బ్యాంకు దాకా వస్తుంది, మధ్యలో వీసా లేదా మాస్టర్‌కార్డ్ తన రేటుతో రూపాయల్లోకి మారుస్తుంది. ఆ రేటు హోల్‌సేల్ మార్కెట్ రేటుకి చాలా దగ్గరగా ఉంటుంది. దాని మీద మీ బ్యాంకు తన ఫారెక్స్ మార్కప్ వేస్తుంది, ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ. అంతే.

ఇప్పుడు బావ వాచీ లెక్క వేద్దాం, లెక్క తేలిగ్గా ఉండాలని ఆరోజు నెట్‌వర్క్ రేటు దిర్హామ్‌కి 23 రూపాయలు అని గుండ్రంగా తీసుకుంటున్నా. దిర్హామ్‌లో కట్టి ఉంటే 2,000 ఇంటూ 23, అంటే 46,000. బావ కార్డు మామూలు కార్డు, మార్కప్ 3.5 శాతం, అది 1,610 రూపాయలు. దాని మీద జీఎస్టీ 289.80. మొత్తం 47,899.80. ఆయన కట్టింది ఎంత? 48,300, దానికి 483, దానికి 86.94, మొత్తం 48,869.94. ఒక్క వాచీ మీద 970 రూపాయలు ఎక్కువ పోయాయి. అదే నా దగ్గరున్న కార్డు ఆరోజు ఇచ్చి ఉంటే, దానికి ఫారెక్స్ మార్కప్ సున్నా, దిర్హామ్‌లో 46,000కే అయిపోయేది, అంటే దగ్గర దగ్గర 2,870 తేడా. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, జీరో ఫారెక్స్ కార్డు పట్టుకుని వెళ్ళి మెషీన్ మీద INR నొక్కితే ఆ కార్డు తీసుకున్న లాభం మొత్తం ఆ ఒక్క బటన్‌తో పోతుంది, ఎందుకంటే మీ బ్యాంకు మార్కప్ తీసుకోకపోయినా అవతలివాడు తన మార్జిన్ అప్పటికే తీసేసుకున్నాడు.

అయితే లోకల్ కరెన్సీ ఎప్పుడూ చవకే అని గుడ్డిగా చెప్పను, "మామూలుగా" చవక అనే చెప్తా, ఎందుకో చూడండి. బావ కార్డుకి దిర్హామ్‌లో కట్టినా జీఎస్టీతో కలిపి 4.13 శాతం పడుతుంది. రూపాయల్లో కడితే బ్యాంకు తీసుకునేది జీఎస్టీతో కలిపి 1.18 శాతం. కాబట్టి డీసీసీ వాళ్ళ మార్జిన్ 2.9 శాతం దగ్గర ఉంటే రెండూ దాదాపు సమానం, అంతకంటే తక్కువైతే రూపాయలే చవక అవుతాయి. ఆ షాపు వాడు దిర్హామ్‌కి 24.15 రూపాయల రేటు కాకుండా 23.60 ఇచ్చి ఉంటే బావ చేసింది తప్పేం కాదు. కానీ డీసీసీలో 3 శాతం కంటే తక్కువ మార్జిన్ దొరకడం అరుదు, దాన్ని కౌంటర్ దగ్గర నిలబడి లెక్కేసి పట్టుకోవడం ఇంకా కష్టం. మీ కార్డు మార్కప్ 2 శాతమో సున్నానో అయితే అసలు ఆలోచించే పనే లేదు, లోకల్ కరెన్సీ నొక్కేయండి.

సరే, ఇక ఏం చేయాలో వరసగా.

ఇంట్లో ఉన్నప్పుడే మీ కార్డు ఛార్జీల లిస్టు తీయండి, బ్యాంకు వెబ్‌సైట్‌లో MITC అనే పీడీఎఫ్ ఉంటుంది. అందులో రెండు లైన్లు వెతకాలి. ఒకటి ఫారిన్ కరెన్సీ మార్కప్, చాలా మామూలు కార్డులకి 3.5 శాతం ఉంటుంది, కొన్ని ప్రీమియం కార్డులకి 2 శాతం, కొన్నిటికి సున్నా. రెండోది Dynamic Currency Conversion అనే మాట దగ్గర ఉంటుంది, అంటే ఇండియా బయట రిజిస్టరైన షాపులో రూపాయల్లో కడితే బ్యాంకు తీసుకునేది. చాలాచోట్ల 1 నుంచి 1.5 శాతం కనిపిస్తుంది, కొన్ని కార్డులకి ఇది మామూలు మార్కప్‌తో సమానంగా కూడా ఉంటుంది. ఇంట్లో మూడు నాలుగు కార్డులుంటే ఈ రెండు నంబర్లు చూసి ఏ కార్డు జేబులో పెట్టుకోవాలో, ఏది సూట్‌కేస్‌లో స్పేర్‌గా ఉంచాలో తేల్చుకోండి. అలాగే యాప్‌లో ఇంటర్నేషనల్ యూసేజ్ ఆన్ చేసుకోండి, 2020లో ఆర్‌బీఐ తెచ్చిన రూల్ వల్ల కొత్త కార్డులకి అది మొదట్నుంచీ ఆఫ్‌లోనే వస్తుంది. శంషాబాద్‌లో బోర్డింగ్ లైన్‌లో నిలబడి ఇది చేద్దామనుకుంటే ఓటీపీ రాక ఇబ్బంది పడతారు, ముందురోజే చేసేయండి. లిమిట్ కూడా ట్రిప్‌కి సరిపడా పెట్టుకోండి, అంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

అక్కడికి దిగాక రోజూ పొద్దున హోటల్ వైఫైలో ఒక్కసారి ఆ దేశం కరెన్సీకి రూపాయి రేటు చూసి గుర్తుపెట్టుకోండి. వీసా వాళ్ళ సైట్‌లో, మాస్టర్‌కార్డ్ వాళ్ళ సైట్‌లో కరెన్సీ క్యాలిక్యులేటర్లు ఉన్నాయి, అందులో మీ బ్యాంకు ఫీజు శాతం కూడా వేసి చూడొచ్చు. పైసల దాకా గుర్తుండక్కర్లేదు, 23 అని తెలిస్తే చాలు. ఎందుకంటే మెషీన్ మీద 24.15 కనిపించినప్పుడు మీకు వెంటనే తేడా తట్టాలి. రేటు కనిపించకపోతే రూపాయల అంకెని లోకల్ అంకెతో భాగించండి, 48,300ని 2,000తో భాగిస్తే 24.15, ఫోన్‌లో రెండు సెకన్ల పని.

ఇప్పుడు కౌంటర్ దగ్గర. కార్డు ఇచ్చే ముందే నోటితో చెప్పండి, దుబాయ్ అయితే "దిర్హామ్స్, నాట్ రుపీస్", బ్యాంకాక్ అయితే "బాత్ ప్లీజ్", సింగపూర్ అయితే "సింగపూర్ డాలర్". లోకల్ కరెన్సీ అని మొత్తం వాక్యం చెప్తే ఒక్కోసారి వాళ్ళకి అర్థం కాదు, ఆ కరెన్సీ పేరే చెప్పండి, అది ఎవరికైనా అర్థమవుతుంది. తర్వాత మెషీన్ మీ చేతిలోకి తీసుకోండి. వాళ్ళ చేతిలోనే ఉంటే, మీరు పర్సు సర్దుకుంటుండగా వాళ్ళే బటన్ నొక్కేస్తారు, ఇది చాలామందికి జరిగే పొరపాటు.

స్క్రీన్ చదివేటప్పుడు కంగారు పడకండి, అది కొంచెం తిరకాసుగా ఉంటుంది. కొన్ని మెషీన్లలో రెండు మొత్తాలూ పక్కపక్కన ఉంటాయి, 1 నొక్కితే ఒకటి, 2 నొక్కితే ఇంకోటి. కొన్నిటిలో INR మొత్తం చూపించి కింద Accept, Decline అని ఉంటుంది, అక్కడ చాలామంది Decline అంటే పేమెంటే ఆగిపోతుందేమో అని భయపడి Accept కొట్టేస్తారు. ఆగిపోదు. ఆ స్క్రీన్‌లో Decline అంటే కన్వర్షన్ వద్దు అని మాత్రమే, బిల్లు లోకల్ కరెన్సీలో నడుస్తుంది. ఇంకొన్నిటిలో పచ్చ బటన్ రూపాయలకి, పసుపు బటన్ లోకల్‌కి పెడతారు, మనకి పచ్చ అంటే ఓకే అని అలవాటు కాబట్టి చెయ్యి అటే పోతుంది. రంగు చూసి నొక్కకండి, పక్కనున్న మూడక్షరాలు చూడండి, AED, THB, SGD, EUR. తెలియకుండా ఎర్ర బటన్ నొక్కితే మొత్తం ట్రాన్సాక్షనే క్యాన్సిల్ అవ్వొచ్చు, అయితే అవ్వనీ, నష్టం లేదు, మళ్ళీ మొదట్నుంచి పెట్టమనండి. ట్యాప్ చేసేవాళ్ళు ఇంకొంచెం జాగ్రత్త, చాలా మెషీన్లు ట్యాప్ అయ్యాక ఈ ప్రశ్న అడుగుతాయి, బీప్ రాగానే ఫోను లాగేసుకుని పక్కకి తిరిగితే ఆ ప్రశ్నకి జవాబు మీ బదులు ఎవరో చెప్పేస్తారు.

పిన్ కొట్టాక స్లిప్ తీసుకుని రెండు క్షణాలు చూడండి. మొత్తం AED 2,000.00 అని ఒక్కటే ఉండి రేటు ఏమీ లేకపోతే సరిగ్గా జరిగినట్టే. Exchange Rate అని, Markup అని, INR మొత్తం అని, కింద మీకు కరెన్సీ ఎంచుకునే అవకాశం ఇచ్చామని ఇంగ్లిష్‌లో ఒక పెద్ద వాక్యం ఉంటే డీసీసీ అయిపోయినట్టు. ఇంకో గుర్తు బ్యాంకు మెసేజ్. చాలా బ్యాంకులు ఏ కరెన్సీలో ట్రాన్సాక్షన్ వెళ్ళిందో అదే మెసేజ్‌లో చూపిస్తాయి, AED 2000 అని వస్తే మంచిదే, స్లిప్ మీదున్న రూపాయల అంకె పైసలతో సహా అలాగే వస్తే డీసీసీ. రోమింగ్ లేకపోతే షాపు వైఫైలో బ్యాంకు యాప్ తెరిచి చూడొచ్చు.

పొరపాటు అయిపోయింది అనుకోండి, కౌంటర్ దగ్గర్నుంచి కదలకండి. అక్కడ అడగాల్సిన మాట "వాయిడ్". రిఫండ్ అనకండి. వాయిడ్ అంటే ఆరోజు లెక్క బ్యాంకుకి పోకముందే ఆ ట్రాన్సాక్షన్‌ని కొట్టేయడం, అది ఎంత మొత్తమో అంతే రద్దవుతుంది. రిఫండ్ అంటే వేరే కొత్త ట్రాన్సాక్షన్, దానికి ఆరోజు రేటు వేరేగా పడి రెండువైపులా మార్జిన్ పోయే ప్రమాదం ఉంది. వాయిడ్ చేయించి, వాయిడ్ స్లిప్ తీసుకుని, మళ్ళీ లోకల్‌లో గీకించండి. మొదటి మొత్తం మీ కార్డులో కొన్ని రోజులు బ్లాక్‌లో కనిపించొచ్చు, తర్వాత విడుదలవుతుంది, అందుకే లిమిట్ మరీ బిగించి పెట్టుకోకూడదు. బావ విషయంలో మేం అప్పుడే వెనక్కి తిరిగి ఈ ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది, నాకు స్లిప్ చదవాలని తట్టింది హోటల్‌కి వచ్చాకే.

వాళ్ళు ఒప్పుకోకపోతే, లేదా మిమ్మల్ని అడగకుండానే రూపాయల్లో కొట్టేస్తే, వీసా, మాస్టర్‌కార్డ్ రూల్స్ మీ వైపే ఉన్నాయి. కార్డుదారుడికి రెండు మొత్తాలూ రేటూ చూపించి అడగాలి, ఎంచుకోవాల్సింది మీరే, షాపు వాడు మీ తరఫున ఎంచుకోకూడదు. అలాంటప్పుడు షాపు కాపీ మీద సంతకం అడిగితే, సంతకం పక్కన లోకల్ కరెన్సీ అడిగినా ఇవ్వలేదు అని ఇంగ్లిష్‌లో ఒక లైను రాసి, ఆ కాపీనీ మీ స్లిప్‌నీ షాపు బిల్లునీ ఫోటో తీసుకోండి. షాపు బిల్లు ముఖ్యం, అందులో ధర దిర్హామ్‌లో ఉంటుంది కాబట్టి మీరు కొన్నది ఏ కరెన్సీలోనో అదే సాక్ష్యం. ఇంటికి వచ్చాక ఆలస్యం చేయకుండా బ్యాంకుకి డిస్ప్యూట్ పెట్టండి, వీసా కార్డు అయితే ఈ రకానికి 12.3 అనే కోడ్ ఉంది, దాని పేరే Incorrect Currency, ఆ మాట మెయిల్‌లో రాస్తే అవతలి వాళ్ళు వేరే రకం కంప్లయింట్ కింద పడేయకుండా ఉంటారు. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ పోర్టల్ cms.rbi.org.in లో వేయొచ్చు. కానీ ఒకటి నిజాయితీగా చెప్పాలి, స్క్రీన్ చూసి మీరే INR నొక్కి ఉంటే ఈ దారిలో డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం, ఎందుకంటే ఎంచుకున్నది మీరే అని వాళ్ళ దగ్గర రికార్డు ఉంటుంది. బావకి అందుకే కంప్లయింట్ పెట్టొద్దని చెప్పా.

హోటళ్ళ గురించి వేరేగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ మొత్తాలు పెద్దవి, ప్రశ్న కూడా మెషీన్ మీద రాకపోవచ్చు. చెక్-ఇన్‌లో మీతో సంతకం పెట్టించుకునే కాగితం మీద కింద ఒక చిన్న గడి ఉంటుంది, బిల్లుని నా కార్డు కరెన్సీలో వసూలు చేయడానికి ఒప్పుకుంటున్నా అని, కొన్నిచోట్ల అందులో టిక్ ముందే కొట్టి ఉంటుంది. దాన్ని కొట్టేసి పక్కన ఆ దేశం కరెన్సీ పేరు రాసి సంతకం పెట్టండి. లేకపోతే చెక్-అవుట్ రోజు మీరు తాళం ఇచ్చేసి టాక్సీ ఎక్కాక, వాళ్ళు ఆ సంతకం ఆధారంగా రూపాయల్లో కొట్టుకుంటారు. అద్దె కార్ల వాళ్ళదీ ఇదే పద్ధతి, నాలుగు పేజీల అగ్రిమెంట్‌లో ఎక్కడో ఉంటుంది, సంతకానికి ముందే కరెన్సీ ఏది అని అడగండి.

ఏటీఎంలో కూడా ఇదే ప్రశ్న వస్తుంది, అక్కడ మాటలు ఇంకా భయపెట్టేలా ఉంటాయి, గ్యారంటీ రేటు అని పెద్దగా వేసి, కింద Decline Conversion అని ఉంటుంది. అదే నొక్కండి, డబ్బు వస్తుంది. ఏటీఎం వాడు విడిగా తీసుకునే ఫీజు, థాయ్‌లాండ్‌లో ఫారిన్ కార్డుకి వేసే లాంటిది, దానితో సంబంధం లేనిది, అది ఎలాగూ పడుతుంది, కాబట్టి చిన్న చిన్న మొత్తాలు పదిసార్లు తీయకుండా ఒకేసారి తీసుకోండి.

ఫారెక్స్ కార్డు తీసుకెళ్ళేవాళ్ళు, అంటే ఇక్కడే ఆబిడ్స్‌లోనో బ్యాంకులోనో దిర్హామ్‌లో డాలర్లో లోడ్ చేయించుకున్నవాళ్ళు, మాకు ఇది వర్తించదు అనుకోవద్దు. మెషీన్‌కి ఆ కార్డు కూడా ఇండియాలో ఇచ్చిన కార్డులాగే కనిపించొచ్చు, అందుకే రూపాయల్లో కడతారా అని అడుగుతుంది. అక్కడ INR నొక్కితే మీ దగ్గర దిర్హామ్‌లు లోడ్ అయి ఉన్నా, బిల్లు దిర్హామ్‌ల్లోంచి రూపాయల్లోకి వాళ్ళ రేటుకి మారి, రూపాయల్లో వచ్చిన ఆ మొత్తం మళ్ళీ మీ వాలెట్ కరెన్సీలోకి మారాలి, అంటే రెండుసార్లు మార్చి రెండుసార్లు పోగొట్టుకోవడం, లేదా రూపాయలు కాబట్టి కార్డు డిక్లైన్ అవ్వడం. ఇంట్లో పెద్దవాళ్ళకి ఫారెక్స్ కార్డు ఇచ్చి పంపిస్తుంటే ఈ ఒక్క సంగతి కార్డు కవర్ మీద పెన్నుతో రాసి ఇవ్వండి, నేను మా అమ్మకి "AED అని ఉన్నదే నొక్కు" అని రాసిచ్చా, ఆమె ఇంగ్లిష్ పెద్దగా చదవదు కానీ మూడక్షరాలు పోల్చుకుని సరిగ్గా నొక్కింది.

ఇది మన ఊళ్ళోనూ జరుగుతుంది. అమెరికా నుంచి వచ్చిన మీ చెల్లో కజినో ఇక్కడ హోటల్లోనో చీరల షాపులోనో అక్కడి కార్డు గీకితే మెషీన్ వాళ్ళని డాలర్లలో కడతారా అని అడుగుతుంది. వాళ్ళకి లోకల్ కరెన్సీ అంటే రూపాయి. 42,000 చీరల బిల్లు, డాలరు 84 అనుకుంటే అసలు 500 డాలర్లు, ఫారిన్ ఫీజు లేని కార్డు అయితే అంతే పడుతుంది, 3 శాతం ఫీజు ఉన్న కార్డు అయితే 515. డాలర్లు నొక్కితే 5 శాతం మార్జిన్‌తో 525, దాని మీద వాళ్ళ బ్యాంకు షాపు ఇండియాలో ఉందని ఫీజు వేస్తే అదీ కలుస్తుంది. అంటే వాళ్ళతో షాపింగ్‌కి వెళ్ళినప్పుడు, INR నొక్కమని చెప్పాల్సింది మీరే. అదే INR బటన్ దుబాయ్‌లో మనకి నష్టం, ఇక్కడ వాళ్ళకి లాభం, ఎందుకంటే చూడాల్సింది షాపు ఏ దేశంలో ఉందో ఆ దేశం కరెన్సీ.

తిరిగొచ్చాక స్టేట్‌మెంట్ వచ్చిన రోజు ఓ పది నిమిషాలు కేటాయించండి. లోకల్‌లో కట్టినవి ఫారిన్ మొత్తం, రూపాయల మొత్తం రెండూ చూపిస్తాయి, మార్కప్ కింద లైన్‌లో విడిగా వస్తుంది, కొన్ని బ్యాంకులు అందులోనే కలిపేస్తాయి. రేటు మీరు షాపులో ఉన్నరోజుది కాకుండా ఒకటి రెండు రోజుల తర్వాతది అయి ఉండొచ్చు, దానివల్ల వచ్చే తేడా మామూలుగా చిన్నదే, దానికి కంగారు పడకండి. కానీ ఫారిన్ షాపు పేరు పక్కన ఫారిన్ మొత్తం లేకుండా ఉత్త రూపాయలే కనిపిస్తే దాన్ని మీ స్లిప్‌తో పోల్చండి. స్లిప్‌లో AED ఉండి స్టేట్‌మెంట్‌లో INR పడితే షాపు వాడు మీరు వెళ్ళాక మార్చాడన్నమాట, అప్పుడు మీ చేతిలోని ఆ స్లిప్పే మీ డిస్ప్యూట్‌కి ఆధారం, కాబట్టి స్టేట్‌మెంట్ వచ్చేదాకా సూట్‌కేస్‌లోంచి స్లిప్పులు పారేయకండి. అవి వేడికి అక్షరాలు చెరిగిపోయే కాగితం మీద వస్తాయి, అందుకని ఏరోజువి ఆరోజు రాత్రే ఫోటో తీసి పెట్టుకోండి.